వీణ మీద కూడా తెలుగే వినిపిస్తే

పోయిన నెలలో ఒక శనివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. నాకు డాలస్‌లో పొద్దున పదకొండు, వాడికి హైదరాబాద్ అశోక్‌నగర్ రూములో రాత్రి తొమ్మిదిన్నర. గ్రూప్-2 కి చదువుతున్నాడు. పోయినసారి కొద్దిలో పోయింది, ఇప్పుడు వచ్చే నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు. ఖమ్మంలో బాబాయి కొట్టు అంతంత మాత్రంగానే నడుస్తోంది. "ఇంకొక్కసారి చూస్తా, కాకపోతే వచ్చి కొట్లో కూర్చుంటా" అని వాడు ఇంట్లో చెప్పేశాడట. ఇవన్నీ పిన్ని చెబితే తెలిసినవే. వాడు మాత్రం వీటి ఊసెత్తలేదు. "అన్నా, చదువుకునేటప్పుడు వినడానికి మాటల్లేని పాటలు మంచివి ఏమన్నా ఉంటే పంపవా? నీ దగ్గర చాలా ఉంటయి గదా" అన్నాడు.

ఉన్నాయి. పదిహేనేళ్ళుగా పోగేసినవి ఒక హార్డ్ డిస్క్ నిండా ఉన్నాయి. వెంటనే పంపేవాణ్ణే. కానీ 2011లో నేను గేట్ పరీక్ష రాసిన రోజు గుర్తొచ్చి ఆగాను.

అప్పుడు నేను ఈసీఈ ఫైనల్ ఇయర్. ఆరు నెలలు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే చదివాను. అన్నీ సినిమా పాటల ట్యూన్లు, ఫ్లూట్ మీద, కీబోర్డ్ మీద వాయించినవి. మాటలు లేవు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాను. మూడు గంటలు, అరవై ఐదు ప్రశ్నలు. హాల్లో చడీచప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో, సిగ్నల్స్ లెక్క మధ్యలో ఉండగా, నా తలలో ఒక పాట మొదలైంది. ఫ్లూట్ మీద కాదు, మాటలతో సహా. ఆపుదామన్నకొద్దీ పల్లవి మళ్ళీ మొదటికొచ్చేది. నాకు ర్యాంకు రాకపోవడానికి అదే కారణం అనను. సరిగ్గా చదవని సబ్జెక్టులు రెండున్నాయి. కానీ ఆ రోజు నుంచి ఒక అనుమానం ఉండిపోయింది. మాటల్లేని పాట అని మనం అనుకునేది నిజంగా మాటల్లేనిదేనా?

కాదు అన్నది నా అభిప్రాయం. ముఖ్యంగా తెలుగువాళ్ళకి కాదు. అది చెప్పేముందు, చదువుకీ మాటలకీ పేచీ ఎక్కడ వస్తుందో చూద్దాం.

మనం మనసులో చదువుకునేటప్పుడు కూడా లోపల ఒక గొంతు నడుస్తూ ఉంటుంది. ఆర్టికల్ నంబర్లు గుర్తు పెట్టుకునేటప్పుడు, లెక్కలో మూడు పైకి వేసుకునేటప్పుడు, పొడుగు వాక్యం చివరికి వచ్చేదాకా దాని మొదలుని పట్టుకుని ఉండేటప్పుడు పని చేసేది ఆ గొంతే. దానికి చోటు చాలా తక్కువ. బయటినుంచి మాటలు వినపడితే, మనం పట్టించుకోకపోయినా, అవి వచ్చి ఆ చోట్లోనే కూర్చుంటాయి. 1989లో సలామే, బాడ్లీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పాటలతో పరీక్షించారు. అంకెల వరసలు గుర్తు పెట్టుకోమని, వెనకాల సంగీతం పెట్టారు. గాత్రం ఉన్న సంగీతం బాగా చెడగొట్టింది, వాద్య సంగీతం తక్కువ చెడగొట్టింది. కానీ అది కూడా ఎంతో కొంత చెడగొట్టింది.

ఇక్కడ పిల్లలు వేసే ఎత్తు ఒకటుంది. తెలుగు పాటలొద్దు, కొరియన్ పాటలో స్పానిష్ పాటలో పెట్టుకుంటాం, అర్థం కావు కదా అంటారు. పాఠం చదివి అర్థం చేసుకునే పనికి అది కొంత నిజమే. తెలియని భాష, తెలిసిన భాష అంతగా అడ్డు రాదు. కానీ వరసగా బట్టీ పట్టే పనికి అర్థంతో సంబంధం లేదు. గొంతు గొంతే, ఏ భాషదైనా చోటు తినేస్తుంది.

నాకు దీనికి రుజువు ఈ బ్లాగులోనే దొరికింది. తెలుగు టైపింగ్ నాకు నేనే నేర్చుకున్నాను, ఇప్పటికీ ప్రతి అక్షరాన్నీ లోపల పలుక్కుంటూ కొడతాను. వెనకాల తెలుగు పాట నడుస్తుంటే, రాయాల్సిన మాట బదులు పాటలోని మాట స్క్రీన్ మీద పడుతుంది. ఒకటి రెండుసార్లు చూసుకోకుండా పోస్ట్ కూడా చేసేశాను. ఇంగ్లీష్ పాట పెట్టుకున్నప్పుడు ఇలా జరగలేదు, కానీ టైపింగ్ నెమ్మదించేది.

ఇక మన సంగతి. చదువుకోవడానికి మంచిదని అందరూ చెప్పే వీణ, వయొలిన్, మాండలిన్ కచేరీలు తీసుకోండి. అందులో వాయించేది ఎక్కువగా కృతులు. త్యాగరాజు ఉన్నది తమిళదేశంలోని తిరువయ్యారులోనే అయినా రాసింది చాలా మటుకు తెలుగులో. పైగా వీణ వాయించేవాళ్ళు కృతిని సాహిత్యంతో సహా నేర్చుకుంటారు. తీగ మీద మీటు ఆ సాహిత్యంలోని అక్షరాలను అనుసరించి పడుతుంది. అంటే వీణ మీద "నగుమోము" వస్తున్నప్పుడు అక్కడ అక్షరాలు లేవని కాదు, అచ్చుల్లో హల్లుల్లో కాకుండా మీటుల్లో ఉన్నాయి. ఆ కృతి ఎప్పుడూ వినని డాలస్ పిల్లవాడికి అది స్వరం మాత్రమే. ఇంట్లో అమ్మ పాడుతుంటే వింటూ పెరిగినవాడికి మాత్రం తలలో సాహిత్యం దానంతటదే నడుస్తుంది. సినిమా పాటని ఫ్లూట్ మీద వాయిస్తే ఇది ఇంకా ఎక్కువ. ట్యూన్ బయట నుంచి వస్తుంది, మాటలు మనమే లోపల నింపుకుంటాం. పాడేవాడు బయట లేడు, మనమే పాడుకుంటున్నాం. చదవాల్సిన గొంతు పాటలో పడిపోయింది.

ఇదంతా చెబితే మావాడు నమ్మలేదు. "లేదన్నా, ఆ ట్యూన్లు పెట్టుకుంటే నాకు ఇంకా మంచిగ ఎక్కుతది" అన్నాడు. సరే, నువ్వే చూడరా అని ఒక లెక్క పెట్టుకున్నాం. ఎనిమిది రోజులు. రోజూ రాత్రి అదే టైముకి ఎకానమీ నోట్సులో కొత్త పేజీలు పన్నెండు, నలభై నిమిషాలు. పక్కరోజు పొద్దున్నే, పుస్తకం తెరవకుండా, ఆ పేజీల మీద బిట్ బ్యాంకులోంచి ఇరవై బిట్లు. ఆ బిట్లు వాడి రూమ్మేట్ ఏరిపెడతాడు, ముందు చూపించడు. రెండు రోజులు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేకుండా, రెండు రోజులు సినిమా ట్యూన్లు, రెండు రోజులు తెలిసిన కృతులు వీణ మీద, రెండు రోజులు ఒట్టి ఆలాపన. వరసగా కాకుండా కలగలిపి వేసుకున్నాం, లేకపోతే చివరి రోజులకి సబ్జెక్టు అలవాటై మార్కులు వాటంతటవే పెరుగుతాయి.

రెండేసి రోజులు కలిపి నలభైకి లెక్క ఇలా తేలింది. ఫ్యాన్ ఒక్కటే ఉన్నప్పుడు 31. ఆలాపనతో 30. వీణ కృతులతో 25. సినిమా ట్యూన్లతో 22. ఒక్క మనిషి మీద ఎనిమిది రోజుల లెక్క ఇది, దీన్ని పట్టుకుని ఊరందరికీ చెప్పేది లేదు. ఫ్యాన్‌కీ ఆలాపనకీ మధ్య ఒక్క మార్కు తేడాకి అర్థమే లేదు. కానీ నాకు మార్కుల కంటే ఆసక్తిగా అనిపించింది వేరే. రోజూ పడుకునే ముందు "ఈ రోజు ఎట్లా చదివా" అని పదికి మార్కులు వేసుకోమన్నాను. సినిమా ట్యూన్ల రోజు తొమ్మిది వేసుకున్నాడు. ఫ్యాన్ రోజు ఆరు. బాగా చదివినట్టు అనిపించిన రోజే తక్కువ ఎక్కింది.

ఇది వాడి ఒక్కడి వింత కాదు. పెర్హామ్, విజార్డ్ అనే పరిశోధకులు 2011లో ఇదే అడిగారు. నచ్చిన పాట అయితే తక్కువ చెడగొడుతుందా అని. చెడగొట్టడంలో నచ్చిన పాటకీ నచ్చని పాటకీ తేడా కనపడలేదు. పాట మన మూడ్‌ని బాగు చేస్తుంది, ఆ బాగుని మనం చదువు ఖాతాలో వేసుకుంటాం.

మరి మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుందంటారు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. 1993లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న పేపరు అది. మోజార్ట్ రెండు పియానోల సొనాటా పది నిమిషాలు విన్న కాలేజీ విద్యార్థులు, కాగితం మడతల్లాంటి ఆకారాల ప్రశ్నల్లో కాసేపు కాస్త బాగా చేశారు. పది పదిహేను నిమిషాల్లో ఆ ఫలితం పోయింది. అందరూ మరిచిపోయేది ఏంటంటే, వాళ్ళు పాట విన్నది పరీక్షకి ముందు, రాస్తూ కాదు. తర్వాత చేసినవాళ్ళు అది మోజార్ట్ మహిమ కాదు, ఉత్సాహంగా ఉన్న సంగీతం మనిషిని హుషారు చేసే సంగతి అని తేల్చారు. ఇందులో మనకి పనికొచ్చేది ఒకటుంది. నీకు బాగా నచ్చిన పాట, మాటలున్నా సరే, పుస్తకం తెరిచే ముందు పది నిమిషాలు విను. తర్వాత ఆపెయ్యి. మావాడికి ఈ మాట బాగా నచ్చింది. ఏ పాట అని నేను అడగలేదు.

అయితే అన్నీ ఆపేసి కూర్చోమంటే సరిపోదు. వాడి రూము కింద టీ కొట్టు. రాత్రి పదకొండు దాకా అక్కడ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది, కోర్టు కేసు ఏమైంది అనే చర్చలే. పక్క రూములో ఒకడు ఫోన్ కిందపెట్టడు. ఇవన్నీ అర్థమయ్యే తెలుగు మాటలు, పైగా వాడి బతుకుకి సంబంధించిన మాటలు. పాటలు లేకపోతే వాడికి దొరికేది నిశ్శబ్దం కాదు, ఆ కబుర్లు. సంగీతానికి అసలు పని ఇక్కడ ఉంది. చదువుని పెంచడం దాని వల్ల కాదు. బయటి మాటలు మాటలుగా వినపడకుండా అడ్డం నిలబడగలదు. దాన్ని గోడలా వాడుకోవాలి.

గోడకి కావాల్సింది అందం కాదు, ఎడం లేకపోవడం. మారకుండా ఒకేలా సాగే చప్పుడు మనసుకి అడ్డు రాదు. ఉన్నట్టుండి మారేది, ఆగి మొదలయ్యేది, పైకి లేచి కింద పడేది అడ్డొస్తుంది. అందుకే సీలింగ్ ఫ్యాన్, కూలర్, వాన చప్పుడు బాగా పనిచేస్తాయి. సంగీతంలో వీటికి దగ్గర తంబూరా శ్రుతి. ఫోన్‌లో శ్రుతిపెట్టె ఆప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. షడ్జమం, పంచమం అలా సాగుతూ ఉంటాయి, పది నిమిషాల తర్వాత ఉన్నట్టే తెలియదు. అది మరీ విసుగనిపిస్తే ఆలాపన. కర్ణాటక కచేరీలో కృతికి ముందు వచ్చే రాగాలాపనలో తాళం లేదు, సాహిత్యం లేదు. తలలో పాడుకోవడానికి పల్లవి లేదు. హిందుస్తానీలో సరోద్, సితార్, సంతూర్ మీద వాయించే ఆలాప్ కూడా అంతే, పైగా అది ఇంకా పొడుగు, ఇంకా నింపాది. కానీ రెంటిలోనూ ఒక చిక్కుంది. కర్ణాటకంలో పది పన్నెండు నిమిషాలకి ఆలాపన అయిపోయి కృతి అందుకుంటారు, మృదంగం పడుతుంది, కాలు ఊగడం మొదలవుతుంది. తని ఆవర్తనం వచ్చిందంటే ఇక పుస్తకం మూసెయ్యాల్సిందే. హిందుస్తానీలో ఆలాప్ తర్వాత జోడ్, ఝాలా అని వేగం పెరుగుతూ పోతుంది. ఝాలాలో ఎవరూ పాలిటీ చదవలేరు.

కాబట్టి ఆలాపన వరకే కోసుకోవాలి. నా దగ్గరున్న రికార్డింగులని నేను ఇలా కోసి పంపాను. మొదటి ముప్ఫై సెకన్ల చప్పట్లు, చివర మృదంగం పడే చోటు తీసేస్తే చాలు.

```
ffmpeg -i kacheri.mp3 -ss 00:00:30 -to 00:11:40 -c copy alapana.mp3
```

అలాంటివి నాలుగైదు వరసగా పెట్టుకుంటే నలభై నిమిషాలు అవుతుంది. యూట్యూబ్‌లో పెట్టుకుంటే మాత్రం మధ్యలో ప్రకటన వచ్చి కోచింగ్ సెంటర్ గురించి అరుస్తుంది. అందుకే ఫైలే ఫోన్‌లో ఉండాలి. సౌండు ఎంత అంటే, పేజీ తిప్పిన చప్పుడు వినపడేంత తక్కువ, కింది టీ కొట్టు మాటలు విడివిడిగా వినపడనంత ఎక్కువ. పాట చదువుకి అడ్డొస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. నలభై నిమిషాల తర్వాత ఇప్పటిదాకా ఏమేం వచ్చాయో చెప్పమంటే వరసగా చెప్పగలిగావనుకో, చదివింది పుస్తకం కాదు. అలాగే ఒకే లైను మూడుసార్లు చదువుతున్నావంటే అప్పటికే గొంతు చేతులు మారింది.

ఇంకొకటి, నా గేట్ పరీక్ష నేర్పింది. ఎంత మంచి గోడైనా పరీక్ష హాల్లో ఉండదు. గ్రూప్-2లో ఒక్కో పేపరూ నూటయాభై బిట్లు, రెండున్నర గంటలు, అంటే బిట్టుకి ఒక నిమిషం. అలాంటివి నాలుగు పేపర్లు. ఆ నిమిషంలో తలలో పాట మొదలైతే దాన్ని ఆపుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మాక్ టెస్టులు మాత్రం ఏ సంగీతమూ లేకుండా, రెండున్నర గంటలూ కుర్చీ దిగకుండా రాయాలి. ఇయర్‌ప్లగ్స్ కూడా పెట్టుకోకూడదు, హాల్లో పక్కవాడి దగ్గు వినపడుతుంది.

ఇక్కడితో ఆపేస్తే నేను చెప్పింది పూర్తిగా నెగ్గినట్టు ఉంటుంది. కానీ ఎనిమిదో రోజు మార్కులు చెప్పాక మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అన్నా, నువ్వు చెప్పింది నిజమే గానీ, పాట లేకపోతే ఈ రూములో కూర్చోలేను. నాలుగేళ్ళయింది ఈ గోడలు చూడబట్టి. చదువు కోసం కాదన్నా, ఒక్కణ్ణే ఉన్నట్టు అనిపియ్యకుండా పెట్టుకుంట."

దీనికి ఏ పరిశోధన పేపర్లోనూ జవాబు దొరకలేదు నాకు. నలభైలో తొమ్మిది బిట్లు పోగొట్టే పాట, మనిషిని ఇంకో గంట కుర్చీలో కూర్చోబెడితే అది లాభమా నష్టమా? నేనే ఆఫీసులో రోజూ ఆ పని చేస్తాను. లాగ్ ఫైళ్ళు వెతికేటప్పుడు, పాత కోడ్ సర్దేటప్పుడు పాటలు మోగుతూనే ఉంటాయి. కొత్త డిజైన్ డాక్యుమెంట్ చదవాలంటే తీసేస్తాను. అందుకే వాడికీ రోజుని అలాగే రెండుగా విడగొట్టుకోమన్నాను. మొదటిసారి చదివేది, బట్టీ పట్టేది, అరిథ్మెటిక్, ఇవి ఫ్యాన్ కింద గానీ తంబూరాతో గానీ. పటాలు గీసుకోవడం, రాసిన నోట్సు శుభ్రంగా ఎక్కించుకోవడం, కరెంట్ అఫైర్స్ కత్తిరింపులు అతికించుకోవడం, ఇలా లోపలి గొంతుతో పెద్ద పని లేనివి రాత్రి పదిన్నర తర్వాతకి పెట్టుకో, అప్పుడు నీ ఇష్టం వచ్చిన పాట పెట్టుకో, మాటలున్నా సరే అన్నాను. ఆ గంట వాడిది.

నిన్న మెసేజ్ పెట్టాడు. తంబూరా ఆప్ వింటుంటే రూమ్మేట్ "ఏందిరా, భజన ఎప్పుడు మొదలుపెడతవ్" అని అడిగాడట. మాక్ టెస్టు మధ్యలో పాట ఒకటి వచ్చిందట గానీ రెండు బిట్లలోపే పోయిందట. నోటిఫికేషన్ ఇంకా రాలేదు. నేను ఈ పోస్ట్ ఫ్యాన్ కింద కూర్చునే టైప్ చేశాను. అందుకే ఇందులో ఎక్కడా పాట మాట దొర్లలేదనుకుంటా. దొర్లితే మీరే చెప్పాలి.